రిజెక్ట్ అయిన కార్డును వెనక్కి లాగొద్దు: స్టోర్ రివ్యూను ఎలా ట్రాక్ చేయాలి

ప్రశ్న: మేం నల్లగొండలో చిన్న టీమ్. బత్తాయి రైతులకు, కొనేవాళ్లకు మధ్య లోడ్లు, రేట్లు చూపే యాప్ చేస్తున్నాం. వెర్షన్ 2.0ను ఆపిల్ రెండుసార్లు రిజెక్ట్ చేసింది, ప్లే స్టోర్‌లో ఒకసారి అయింది. మా బోర్డులో 'స్టోర్‌లో సబ్మిట్ చేయాలి' అని ఒకే కార్డు ఉంది. రిజెక్ట్ అయినప్పుడల్లా దాన్ని వెనక్కి లాగుతున్నాం. కోతలు దగ్గర పడుతున్నాయి, క్లయింట్ రోజూ ఫోన్ చేస్తున్నారు, ఏది ఎక్కడ ఆగిందో చెప్పలేక టెన్షన్. అన్నా, దీన్ని ఎట్ల ట్రాక్ చేయాలి?

సమాధానం:

తమ్ముడూ, మీ ఇబ్బందంతా ఆ ఒక్క కార్డులోనే ఉంది. దాన్ని వెనక్కి లాగిన ప్రతిసారీ ఏ బిల్డ్ పంపారు, వాళ్లు ఏం కారణం చెప్పారు, దానికి మీరేం చేశారు అన్న మూడూ కలగాపులగం అవుతాయి. రెండో రిజెక్షన్ వచ్చేసరికి మొదటిది ఎందుకు వచ్చిందో టీమ్‌లో ఎవరికీ సరిగ్గా గుర్తుండదు.

నేను పాలమూరులో పాల సేకరణ కేంద్రాల యాప్ రిలీజ్‌లు చూసుకుంటాను. మా బోర్డులో మూడు అంచెలు ఉంటాయి. పైన రిలీజ్ కార్డు. దాని కింద ఒక్కో సబ్మిషన్‌కు ఒక్కో కార్డు. సబ్మిషన్ రిజెక్ట్ అయితే దాని కింద ఒక్కో కారణానికి ఒక్కో కార్డు. రిజెక్ట్ అయిన సబ్మిషన్ కార్డును ఎప్పుడూ వెనక్కి జరపం. 'రిజెక్టెడ్' అని మూసేసి, మళ్లీ పంపేటప్పుడు కొత్తది తెరుస్తాం. పద్ధతి ఇంతే. అయితే ఇది ఎందుకు పనికొస్తుందో ఒక రిలీజ్ మొత్తం చూస్తే తప్ప తెలియదు. అందుకే మా 2.4.0 సంగతి వివరంగా రాస్తున్నాను. మీదీ ఫోన్ నంబరు, ఓటీపీతో లాగిన్ అయ్యే యాపే అయి ఉంటుంది కాబట్టి చాలావరకు మీకూ వర్తిస్తుంది.

ముందు ఆ రిలీజ్ కింద చివరికి మిగిలిన కార్డుల పేర్లు చూడండి:

```
iOS  2.4.0 (57)  #1  Rejected
iOS  2.4.0 (58)  #2  Rejected
iOS  2.4.0 (58)  #3  Approved
Play 2.4.0 (131) #1  Rejected
Play 2.4.0 (131) #2  Approved
```

బ్రాకెట్‌లో ఉన్నది ఐఓఎస్‌లో బిల్డ్ నంబరు, ఆండ్రాయిడ్‌లో వెర్షన్ కోడ్. పక్కన ఉన్నది ఎన్నోసారి పంపామో చెప్పే నంబరు. 58 రెండుసార్లు ఉంది చూడండి. బిల్డ్ నంబరునే గుర్తుగా పెట్టుకుంటే ఆ రెండు సబ్మిషన్లూ ఒకటే అయిపోతాయి. 2.4.0 అన్న వెర్షన్ మాత్రం మారలేదు. ఆ వెర్షన్ ఇంకా జనంలోకి వెళ్లనప్పుడు ఆపిల్ దగ్గర అదే వెర్షన్ ఉంచి, బిల్డ్ నంబరు పెంచితే చాలు. రిజెక్ట్ అయిన ప్రతిసారీ 2.4.1, 2.4.2 అని పెంచుకుంటూ పోతే క్లయింట్‌కు మూడు రిలీజ్‌లు చేసినట్టు కనిపిస్తుంది, రిలీజ్ నోట్స్ కూడా గజిబిజి అవుతాయి.

ఇక మొదటి రిజెక్షన్. ఆపిల్ మెసేజ్‌లో రెండు కారణాలు వచ్చాయి. ఒకటి గైడ్‌లైన్ 2.1, రివ్యూ చేసే వ్యక్తి లాగిన్ కాలేకపోయారు. రెండోది 5.1.1(v), యాప్‌లో రిజిస్టర్ అయ్యే వీలుంది కానీ అకౌంట్ డిలీట్ చేసుకునే వీలు లేదు. ఇక్కడే కారణానికో కార్డు ఎందుకు కావాలో తెలుస్తుంది. ఈ రెండింటికీ మందు వేరు, చేసే మనిషి వేరు, పట్టే టైమ్ వేరు.

ప్రతి కారణం కార్డులో మేం ముందుగా నింపే గడి ఒకటుంది: దీనికి ఏం కావాలి? జవాబులు మూడే. కొత్త బిల్డ్ కావాలి, బిల్డ్ అక్కర్లేదు కానీ స్టోర్ పేజీలోనో సర్వర్‌లోనో మార్చాలి, లేదా మెసేజ్‌కు జవాబు రాస్తే చాలు. రిజెక్షన్ రాగానే డెవలపర్లు కోడ్ తెరిచి కూర్చుంటారు, చాలాసార్లు కోడ్‌తో పనే ఉండదు. 2.1 కిందే 'సమాచారం కావాలి' అని కొన్ని ప్రశ్నలు వస్తాయి: ఈ యాప్ ఎవరి కోసం, ఈ ఫీచర్‌కు డబ్బులు తీసుకుంటారా వంటివి. వాటికి యాప్ స్టోర్ కనెక్ట్‌లో అదే మెసేజ్ కింద జవాబు రాస్తే చాలు. దాని కోసం కొత్త బిల్డ్ తయారుచేసి మళ్లీ టెస్టింగ్ చేయించడం దండగ. అకౌంట్ డిలీట్ విషయమూ అంతే. ఆ నియమం యాప్‌లో అకౌంట్ తెరిచే వీలున్నవాటికే. మీ యాప్‌లో రైతు అకౌంట్‌ను ఆఫీసువాళ్లే తెరిచి ఇస్తుంటే, యాప్‌లో రిజిస్టర్ అయ్యే దారి అసలు లేకపోతే, ఆ మాట వివరంగా రాసి పంపొచ్చు. మాకు రిజిస్టర్ స్క్రీన్ ఉంది, కాబట్టి డిలీట్ పెట్టక తప్పలేదు. 'డీయాక్టివేట్' బటన్ పెట్టి సరిపెడదామంటే కుదరదు, అకౌంట్‌నూ డేటానూ నిజంగా తీసేయాలి.

లాగిన్ కారణం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మన దగ్గర ఓటీపీ యాప్‌లన్నిటికీ ఇది తగిలేదే. మేం డెమో లాగిన్‌గా ఒక ఫోన్ నంబరు, దానికి ఎప్పుడూ మారని ఓటీపీ ఇచ్చాం. మా ఆఫీసులో అది చక్కగా పనిచేసింది. రివ్యూలో పనిచేయలేదు. ఆపిల్ మెసేజ్‌లో 'లాగిన్ కాలేకపోయాం' అనే ఉంటుంది కానీ ఎక్కడ ఆగిందో ఉండదు. అది మన సర్వర్ లాగ్‌లో చూసుకోవాలి. రివ్యూ జరిగిన రోజు ఆ డెమో నంబరుతో రిక్వెస్ట్ వచ్చిందా లేదా అన్నది మొదట చూడండి. వచ్చి ఫెయిలైతే ఓటీపీ లాజిక్‌లో తప్పుంది, లేదా మధ్యలో ఎవరో టెస్ట్ డేటా క్లీన్ చేసినప్పుడు ఆ అకౌంట్ కూడా పోయింది. అసలు రిక్వెస్టే రాకపోతే దారిలోనే ఆగింది. మాకు జరిగింది రెండోది. హోస్టింగ్ ఫైర్‌వాల్‌లో ఇండియా బయటి ఐపీలను ఆపే రూల్ ఒకటి ఎప్పటినుంచో ఉంది. రివ్యూ చేసేవాళ్లు ఇండియాలోనే కూర్చుని చేస్తారని ఏమీ లేదు. లాగిన్ రిక్వెస్ట్‌కు, డెమో అకౌంట్ చూసే పేజీలకు ఆ రూల్ తీసేశాం. బయటి దేశంలో ఉన్న స్నేహితుడి చేత టెస్ట్‌ఫ్లైట్ బిల్డ్‌లో లాగిన్ చేయించి చూశాం.

ఈ కార్డుకు 'బిల్డ్ అక్కర్లేదు' అని రాశాం. ఒక్క ఈ కారణమే వచ్చి ఉంటే ఆ సాయంత్రమే 57నే మళ్లీ పంపేవాళ్లం. కానీ పక్కన ఉన్న 5.1.1(v)కి కోడ్ కావాలి. ఒక్క కారణానికి కొత్త బిల్డ్ కావాలన్నా మొత్తం సబ్మిషన్ దానికోసం ఆగాల్సిందే. క్లయింట్ ఫోన్ చేస్తే చెప్పాల్సిన మాట ఇదే: 'రెండు కారణాలు వచ్చాయి. లాగిన్ సంగతి అయిపోయింది, అకౌంట్ డిలీట్ స్క్రీన్ కోసం ఆగాం.' ఇది బోర్డు చూసి ఎవరైనా చెప్పగలగాలి.

డెమో అకౌంట్ చెక్‌ను మేం ఆ రిలీజ్ నుంచి ప్రతి సబ్మిషన్ కార్డులోనూ పెట్టాం. రిలీజ్‌కు ఒకసారి చూస్తే చాలదు. మొదటిసారికి, రెండోసారికి మధ్య ఆ అకౌంట్ ఏమైనా కావచ్చు. దాంట్లో డేటా కూడా నింపి ఉండాలి. మీ యాప్‌లో అయితే కొన్ని లోడ్లు, కొన్ని రేట్లు, ఒకటి రెండు పూర్తయిన లావాదేవీలు కనిపించాలి. ఖాళీ స్క్రీన్లు చూపిస్తే యాప్ పూర్తికాలేదని అదే 2.1 కింద మళ్లీ తిరిగొస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి, కారణం కార్డు ఎప్పుడు మూయాలన్నది. డెవలపర్ పని అయిపోయిందనగానే మూయకండి. 'సరిచేశాం' అని ఒక కాలమ్, 'స్టోర్ ఒప్పుకుంది' అని ఒక కాలమ్ పెట్టండి. తర్వాతి సబ్మిషన్‌లో అదే కారణం మళ్లీ రాలేదంటేనే రెండో కాలమ్‌లోకి జరపండి. ఒకవేళ అదే గైడ్‌లైన్ నంబరు మళ్లీ వస్తే కొత్త కార్డు వద్దు, పాతదే తెరవండి. అదే నంబరు రెండోసారి వచ్చిందంటే వాళ్లు అడిగింది మనకు సరిగ్గా అర్థం కాలేదని లెక్క. ఇంకో బిల్డ్ పంపే ముందు ఆ మెసేజ్ కిందే స్పష్టంగా అడగండి: మేం ఈ స్క్రీన్‌లో ఇలా మార్చాం, మీరు చూస్తున్నది వేరే చోటా? వాళ్లే పొరబడ్డారని మీకు గట్టిగా అనిపిస్తే యాప్ రివ్యూ బోర్డుకు అప్పీల్ చేసే దారి ఉంది. అది చేస్తే కార్డులో రాసి పెట్టండి, ఆ జవాబు కోసం వేచి చూసే టైమ్ వేరుగా లెక్కకు రావాలి.

మా రెండో సబ్మిషన్‌లో పాత రెండు కారణాలూ రాలేదు. 2.3.3 వచ్చింది, స్క్రీన్‌షాట్లు. ఐప్యాడ్ కోసం పెట్టినవి ఐఫోన్ బొమ్మలనే సాగదీసి తయారుచేసినవి. మొదటిసారే ఎందుకు చెప్పలేదని టీమ్‌లో కోపాలు వచ్చాయి. లాగిన్ దగ్గరే ఆగిపోయిన వ్యక్తికి లోపలి స్క్రీన్లు, స్క్రీన్‌షాట్లు పోల్చి చూసే అవకాశం ఎక్కడిది? మొదటి రిజెక్షన్‌లో వచ్చిన కారణాలే మొత్తం కారణాలు అనుకోకూడదు. క్లయింట్‌కు తేదీ చెప్పేటప్పుడు కూడా, లాగిన్ దగ్గర ఆగిన సబ్మిషన్ తర్వాత ఇంకొకటి రావొచ్చని పెట్టుకునే చెప్పండి. ఈ స్క్రీన్‌షాట్ల కారణానికి బిల్డ్ అక్కర్లేదు. డిజైనర్ ఐప్యాడ్ సిమ్యులేటర్‌లో కొత్త స్క్రీన్‌షాట్లు తీశారు, 58నే మళ్లీ పంపాం. అదే మూడో కార్డు.

ఇప్పుడు ప్లే స్టోర్. అక్కడ జరిగింది వేరే రకం. మీ ఒక్క రిజెక్షన్ కూడా ఇదే కావచ్చు, చూసుకోండి. మెయిల్‌లో కారణం బ్యాక్‌గ్రౌండ్ లొకేషన్ అనుమతి. మా ఆండ్రాయిడ్ డెవలపర్ 131 బిల్డ్ తీసి చూస్తే ఆ అనుమతే లేదు. ఇలా చూడొచ్చు:

```
bundletool dump manifest --bundle=app-release.aab | grep uses-permission
```

లేని అనుమతికి రిజెక్ట్ ఎలా అవుతుందని వాదన మొదలైంది. మెయిల్‌ను మళ్లీ నెమ్మదిగా చదివితే అందులో ఉన్న వెర్షన్ కోడ్ 131 కాదు, 124. ఎప్పుడో టెస్టర్ల కోసం క్లోజ్డ్ టెస్టింగ్ ట్రాక్‌లో పెట్టి వదిలేసిన బిల్డ్ అది. అప్పట్లో రూట్ ట్రాకింగ్ కోసం వాడిన లైబ్రరీ ఒకటి ఆ అనుమతిని తనంతట తానే మేనిఫెస్ట్‌లో కలిపేసింది. ప్రొడక్షన్‌లో ఏముందో ఒక్కటే గూగుల్ చూడదు, అన్ని ట్రాకుల్లో యాక్టివ్‌గా ఉన్న బిల్డ్‌లనూ లెక్కలోకి తీసుకుంటుంది. మందు ఏమిటంటే, ఆ క్లోజ్డ్ ట్రాక్‌లో కూడా 131తో కొత్త రిలీజ్ చేసి నూరు శాతానికి ఇవ్వాలి. అప్పుడు 124 పక్కకు పోతుంది. ప్లే కన్సోల్‌లో ఇప్పటికే అప్‌లోడ్ అయి ఉన్న 131నే రెండు ట్రాకుల్లోనూ పెట్టొచ్చు కాబట్టి కొత్త వెర్షన్ కోడ్ అక్కర్లేదు. అందుకే పైన ప్లే వరుసల్లో 131 రెండుసార్లు ఉంది.

అప్పటినుంచి ప్లే కార్డుల్లో 'మెయిల్‌లో ఉన్న వెర్షన్ కోడ్' అని వేరే గడి పెట్టాం. మనం పంపిన నంబరూ అదీ ఒకటి కాకపోతే కోడ్ ముట్టుకోకుండా ముందు ట్రాకులు చూడాలి. మీ యాప్‌లో లోడ్ లారీ ఎక్కడుందో చూపించే ఫీచర్ ఉంటే, పాత టెస్ట్ బిల్డ్‌లను ఇవాళే చూసుకోండి.

స్టోర్ మెసేజ్‌ను మీ మాటల్లో కుదించి రాయకండి. పదం పోకుండా మొత్తం కార్డులో పేస్ట్ చేయండి, జత చేసిన స్క్రీన్‌షాట్ కూడా. ఏ డివైజ్‌లో చూశారో ఆపిల్ మెసేజ్‌లో రాస్తుంది. మా మొదటి రివ్యూ ఐప్యాడ్‌లో జరిగింది, మా టెస్టింగ్ అంతా ఐఫోన్లలోనే. ఆ ఒక్క వరుస చూసి మా టెస్టర్ ఐప్యాడ్‌లో మొత్తం తిరిగి చూసి, ఒక బటన్ స్క్రీన్ బయటికి పోతోందని పట్టుకుంది. 58లో అది కూడా సరిచేశాం. 'లాగిన్ ప్రాబ్లం' అని మాత్రమే కార్డులో రాసి ఉంటే ఈ సంగతి ఎవరి కంటా పడేది కాదు.

కార్డు ఇప్పుడు ఎవరి దగ్గరుంది అన్నది కూడా కనిపించాలి. Waiting for Review, In Review అని ఉన్నప్పుడు అది స్టోర్ దగ్గరుంది, మనం చేసేదేమీ లేదు. Rejected అంటే మన దగ్గరికి వచ్చింది. Pending Developer Release అంటే పాసైంది, మనం బటన్ నొక్కాలి. చాలా టీమ్‌లు ఈ చివరి దాన్ని 'ఇంకా రివ్యూలో ఉంది' అనుకుని ఊరికే కూర్చుంటాయి. ప్లేలో మేనేజ్డ్ పబ్లిషింగ్ ఆన్ చేస్తే అక్కడా ఇంతే, అప్రూవ్ అయినా మనం పబ్లిష్ చేసేదాకా బయటికి రాదు. రెండు స్టోర్లలో ఒకే రోజు రావాలంటే రెండు చోట్లా ఈ పద్ధతే పెట్టుకోవాలి. ప్లేలో రివ్యూకు పంపే ముందే దాన్ని ఆన్ చేయండి. ఇక Developer Rejected అని కనిపిస్తే భయపడొద్దు, మనమే వెనక్కి తీసుకున్నామని అర్థం. మూసేటప్పుడు దీనికీ Rejectedకూ వేరే గుర్తు పెట్టండి. వెనక్కి తీసుకుంటే వరుసలో మన చోటు పోతుంది, మళ్లీ మొదటినుంచి నిలబడాలి. కాబట్టి చిన్న తప్పు కనపడగానే తొందరపడి తీసేయకండి.

ప్రతి సబ్మిషన్‌కు పంపిన టైమ్, తీర్పు వచ్చిన టైమ్ రాసుకోండి. మొదటి తీర్పుకూ తర్వాతి పంపకానికీ మధ్య ఉన్నది మీ టైమ్, మిగతాది స్టోర్ టైమ్. సగటున 90 శాతం సబ్మిషన్లను 24 గంటల లోపే చూస్తామని ఆపిల్ చెబుతుంది. ప్లేలో 7 రోజుల దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కూడా పట్టొచ్చని గూగుల్ చెబుతుంది. కోతల తేదీ నుంచి వెనక్కి లెక్క వేసేటప్పుడు ప్లేకు ఆ వారాన్నీ, ఇంకొకసారి పంపాల్సి వస్తే పట్టే టైమ్‌నూ కలిపి చూసుకోండి. మాకు రెండు రకాల టైమ్‌లు విడిగా రాసి చూస్తే ఆలస్యంలో ఎక్కువ భాగం మా దగ్గరే, మెయిల్ ఎవరూ చూడకపోవడం వల్లే అయిందని తేలింది. డెవలపర్ అకౌంట్ క్లయింట్ పేరు మీద ఉంది. రిజెక్షన్ మెయిల్ వాళ్ల ఆఫీసు ఐడీకి వెళ్లి అక్కడే పడి ఉంది. మీదీ క్లయింట్ అకౌంటే అయితే మీలో ఒకరిని యాప్ స్టోర్ కనెక్ట్‌లో యాప్ మేనేజర్‌గా, ప్లే కన్సోల్‌లో యూజర్‌గా చేర్పించి, నోటిఫికేషన్లు వాళ్లకు వచ్చేలా పెట్టించండి. సబ్మిషన్ కార్డు వాళ్ల పేరు మీదే ఉండాలి, డెవలపర్ పేరు మీద కాదు. కారణం కార్డులు ఎవరు సరిచేస్తే వాళ్ల పేరు మీద ఉంటాయి.

ఒక వెసులుబాటు కూడా చెప్తాను. యాప్ ఇప్పటికే స్టోర్‌లో ఉండి, మీరు పంపింది బగ్ ఫిక్స్ అప్‌డేట్ అయితే, చట్టానికీ భద్రతకూ సంబంధించని గైడ్‌లైన్ కారణం వచ్చినప్పుడు దీన్ని ఇప్పటికి పాస్ చేయండి, తర్వాతి వెర్షన్‌లో సరిచేస్తాం అని మెసేజ్‌లో అడగొచ్చు. ఆపిల్ దీనికి ఒప్పుకుంటుంది. అలా పాసైతే ఆ కారణం కార్డును మూయకుండా తర్వాతి రిలీజ్ కార్డు కిందికి జరపండి, లేకపోతే ఈసారి ఇచ్చిన మాట వచ్చేసారి ఎవరికీ గుర్తుండదు.

మీ ఇప్పటి పరిస్థితికి వస్తే, పాత చరిత్ర పోలేదు. యాప్ స్టోర్ కనెక్ట్‌లో యాప్ రివ్యూ పేజీ తెరిస్తే మీరు పంపిన సబ్మిషన్లు, వాళ్ల మెసేజ్‌లు వరుసగా ఉంటాయి. వాటినుంచి ఆపిల్‌కు రెండు కార్డులు, ప్లే మెయిల్ నుంచి ఒకటి తయారుచేసి రిజెక్టెడ్‌గా మూసేయండి. వాటిలోని ఒక్కో కారణాన్ని విడదీసి, బిల్డ్ కావాలా, పేజీలో మార్పా, జవాబు చాలా అని రాయండి. రెండు ఆపిల్ రిజెక్షన్లలో గైడ్‌లైన్ నంబరు ఒకటేనా కాదా చూసి ఇక్కడ రాయండి, ఒకటే అయితే ఆ మెసేజ్ కూడా పెట్టండి, చూసి చెప్తాను. ప్లే మెయిల్‌లో ఉన్న వెర్షన్ కోడ్ కూడా చెప్పండి.